గోడ లేచిన నాటి నుంచి పన్నెండేళ్లు

పుదుచ్చేరి పట్టణానికి ఉత్తరపు కొసన, ముత్యాలపేట దాటి సముద్రం వైపు నడిస్తే సోలై నగర్ వస్తుంది. ఒడ్డున పడవలు, ఆరేసిన వలలు, ఉప్పుగాలికి పెచ్చులూడిన గోడలు. ఆ ఇళ్ల మధ్య అక్కడక్కడ ఖాళీ స్థలాలు కనిపిస్తాయి. నాలుగు హద్దురాళ్లలో మూడు పైకి కనబడుతుంటాయి, నాలుగోది ఇసుకలో కూరుకుపోయి ఉంటుంది. దీని యజమాని ఎవరని పక్కింటివాళ్లను అడిగితే యానాంలో ఉంటారనో, ఫ్రాన్సు వెళ్లిపోయారనో, గల్ఫ్‌లో పనిచేస్తున్నారనో చెబుతారు. స్థలం ఇక్కడ, మనిషి ఎక్కడో. యానాం మన కేంద్రపాలిత ప్రాంతంలోదే అయినా ఇక్కడికి ఎనిమిది వందల కిలోమీటర్ల పైమాట. ఒక పూట వచ్చి చూసిపోయే దూరం కాదు.

అలాంటి యజమానులు చాలామంది ఒకటే మాట అంటారు. "దస్తావేజు నా పేరు మీదే ఉందండి. అసలు కాగితాలు నా బీరువాలోనే ఉన్నాయి. ఇంక నా స్థలం ఎక్కడికి పోతుంది?"

పోతుందండి. కాగితాలు బీరువాలో భద్రంగా ఉండగానే హక్కు పోవచ్చు. అది ఎలా పోతుందో, ఎప్పుడు పోతుందో, ఏ ఒక్క కాగితం దాన్ని నిలబెట్టగలదో ఈ పూట చెప్పుకుందాం.

మన దేశంలో దావాలకు గడువు పెట్టిన చట్టం 1963 నాటి కాలపరిమితి చట్టం. 1964 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. దాని వెనక ఒక పట్టిక ఉంటుంది. ఏ రకం దావాకు ఎన్నేళ్లు, ఆ ఏళ్లను ఏ రోజు నుంచి లెక్కపెట్టాలి అన్నది అందులో రాసి ఉంటుంది. స్థలం నాది, హక్కు నాది, స్వాధీనం నాకు ఇప్పించండి అని వేసే దావాకు ఆ పట్టికలో 65వ అంశం వర్తిస్తుంది. గడువు 12 ఏళ్లు. ఈ పన్నెండు అనే అంకె అందరికీ తెలుసు. ఎక్కడి నుంచి పన్నెండు అన్న దగ్గరే మనవాళ్లు పొరపాటు పడతారు.

మీరు స్థలం కొన్న రోజు నుంచి కాదు. అవతలివాడు అందులో అడుగుపెట్టిన రోజు నుంచీ కాదు. ఊరెళ్లి చూసి "అయ్యో" అనుకున్న రోజు నుంచి అసలే కాదు. అవతలి మనిషి అనుభవం మీ హక్కుకు ఎదురు తిరిగిన రోజు నుంచి. దీన్నే కోర్టు భాషలో ప్రతికూల స్వాధీనం అంటారు. మీ అనుమతితో ఉన్నవాడు ఇరవై ఏళ్లున్నా ముప్పై ఏళ్లున్నా అనుమతిదారుడే, కేవలం ఏళ్లు గడిచినంత మాత్రాన యజమాని కాడు. అదే మనిషి ఒకరోజు, ఇది నాది, నీకు సంబంధం లేదు అని నలుగురికీ తెలిసేలా ప్రవర్తించడం మొదలుపెడితే, లెక్క ఆ రోజు నుంచి మొదలవుతుంది. మీకు ఎవరూ ఉత్తరం రాసి చెప్పనక్కర్లేదు. కళ్లు తెరిచి చూసుకునే యజమానికి తెలిసేంత బాహాటంగా ఉంటే చాలు.

ఒక ఉదాహరణ కట్టి చెబుతాను. మనుషులు కల్పితం, లెక్క మాత్రం చట్టంలోనిదే.

యానాం పెద్దాయన ఒకరు 1996లో సోలై నగర్‌లో చిన్న స్థలం కొన్నారు. రిజిస్టరు దస్తావేజు ఉంది. ఆయన కాపురం యానాంలో, కొడుకులు గల్ఫ్‌లో. 2004 డిసెంబర్ 26న సునామీ వచ్చింది. ఆయన పినతండ్రి కొడుకు, వరసకు తమ్ముడు, ఇక్కడే తీరంలో ఉండేవాడు. ఇల్లు దెబ్బతింది. "అన్నయ్యా, నీ స్థలంలో ఒక పాక వేసుకుంటాను" అన్నాడు. 2005 జనవరిలో పెద్దాయన సరేనన్నారు. నోటిమాటే, కాగితం లేదు. అయినవాళ్ల మధ్య కాగితం ఏమిటని ఆయన అనుకున్నారు. అలా అనుకోవడాన్ని నేను తప్పుపట్టలేను. ఆ రోజుల్లో ఈ తీరాన కాగితం అడిగే పరిస్థితి ఎవరికీ లేదు.

తర్వాత తమ్ముడు పోయాడు. 2007 మే నెలలో అతని కొడుకు పాక తీసేసి ఇటుక గోడలు లేపాడు, చుట్టూ ప్రహరీ కట్టాడు, ముందు ఇనుప గేటు పెట్టి తాళం వేశాడు. ఇంటిపన్ను తన పేరు మీద వేయించుకున్నాడు, కరెంటు మీటరు తన పేరు మీద తీసుకున్నాడు. పెద్దాయనకు కబురు తెలిసింది. "పోనీలే, పిల్లాడు, నేను వెళ్లి మాట్లాడితే వింటాడు" అనుకున్నారు. వెళ్లి మాట్లాడారు కూడా. తర్వాత వకీలు నోటీసు పంపారు. ఆ తర్వాత పోలీసులకు ఫిర్యాదు ఇచ్చారు. రెవెన్యూ ఆఫీసులో అర్జీ పెట్టారు. చివరికి 2019 డిసెంబర్‌లో దావా వేశారు.

ఇప్పుడు లెక్క చూడండి. ఎదురుతిరుగుడు గోడ లేచిన 2007 మే నెలలోనే మొదలైందని కోర్టు నమ్మితే, పన్నెండేళ్లు 2019 మే నెలతో తీరిపోయాయి. దావా ఏడు నెలలు ఆలస్యం. ఈ ఏడు నెలలను క్షమించమని అడిగే దారి లేదు. అప్పీలు ఆలస్యమైతే కారణం చెప్పి మాఫీ చేయమని అడగొచ్చు. చట్టంలోని 5వ సెక్షన్ అందుకు వీలిస్తుంది, కానీ అది దావాలకు వర్తించదు. జబ్బు చేసిందన్నా, డబ్బు లేదన్నా, నమ్మి మోసపోయానన్నా జడ్జిగారు జాలిపడగలరు గాని గడువు పెంచలేరు. అవతలి పక్షం గడువు మాట ఎత్తకపోయినా, గడువు దాటిన దావాను కోర్టు తనంతట తానే కొట్టేయాలని 3వ సెక్షన్ చెబుతుంది.

అంతకంటే కఠినమైనది 27వ సెక్షన్. అప్పు సంగతి తీసుకోండి. నోటుకు గడువు దాటితే కోర్టు తలుపు మూసుకుంటుంది, కానీ అప్పు అప్పుగానే ఉంటుంది. బాకీదారు తనంతట తాను తెచ్చి ఇస్తే పుచ్చుకోవచ్చు. స్థలానికి అలా కాదు. గడువు ముగిసేసరికి దావా హక్కుతో పాటు ఆస్తి హక్కే ఆరిపోతుంది. బీరువాలోని దస్తావేజు అప్పటి నుంచి పాత సంగతి చెప్పే కాగితం మాత్రమే. 2019 ఆగస్టులో సుప్రీంకోర్టు రవీందర్ కౌర్ గ్రేవాల్ కేసులో ఇంకో అడుగు వేసింది. అలా పన్నెండేళ్లు అనుభవించినవాడు ప్రతివాదిగా నిలబడి ఆ మాట చెప్పుకోవడమే కాదు, వాదిగా తానే కోర్టుకు వచ్చి అడగొచ్చు అని తేల్చింది.

మరి పెద్దాయన నోటీసు, ఫిర్యాదు, అర్జీ ఏమైనట్టు? గడువు విషయంలో వాటి విలువ సున్నా. ఎంతో మంది ఇక్కడే దెబ్బతింటారు కాబట్టి నిదానంగా చెబుతున్నాను. నోటీసు ఇచ్చినంత మాత్రాన కాలం ఆగదు. పోలీసు ఫిర్యాదు ఇచ్చినంత మాత్రాన ఆగదు. పట్టా మార్చొద్దని తహసీల్దారు దగ్గర అభ్యంతరం పెట్టినా ఆగదు. ఆపగలిగేవి బహు కొద్ది. గడువులోపు సరైన కోర్టులో సరైన దావా దాఖలు కావాలి. లేదా స్థలం నిజంగా మీ చేతికి తిరిగి రావాలి. లేదా అవతలివాడు మీ హక్కును ఒప్పుకుంటూ రాసి సంతకం పెట్టాలి.

ఈ మూడోదాని మీదే మన పెద్దాయన కేసు నిలబడింది అనుకుందాం. 2009 ఆగస్టులో ఆ కుర్రాడు యానాంకు ఒక ఇన్‌లాండ్ ఉత్తరం రాశాడు. "పెదనాన్నా, మీ స్థలం గురించి మీరు బెంగపెట్టుకోవద్దు. చెల్లి పెళ్లి అయ్యేదాకా మమ్మల్ని ఉండనివ్వండి." కింద సంతకం, తేదీ. పెద్దాయన భార్య దాన్ని పంచాంగంలో పెట్టి ఉంచింది. వకీలు కాగితాలన్నీ తెమ్మంటే ఆ పంచాంగమూ వచ్చింది.

ఆ ఒక్క ఉత్తరం రెండు పనులు చేస్తుంది. 18వ సెక్షన్ ప్రకారం, గడువు నడుస్తుండగా, ఎవరిమీద దావా వేస్తున్నామో వారే హక్కును ఒప్పుకుంటూ రాసి సంతకం పెడితే, ఆ రోజు నుంచి కొత్తగా పన్నెండేళ్లు మొదలవుతాయి. అంటే 2021 ఆగస్టు దాకా సమయం ఉంది. 2019 డిసెంబర్ దావా గడువులోనే పడింది. రెండో పని ఇంకా లోతైనది. "మీ స్థలం" అన్న రెండు మాటలతో, గోడ కట్టినా అతని మనసులో ఎదురుతిరుగుడు లేదని అతనే చెప్పినట్టయింది. అయితే ఒక హెచ్చరిక. అది రాతగా ఉండాలి, సంతకం ఉండాలి, పాత గడువు ముగియక ముందే పుట్టి ఉండాలి. పెళ్లిలో నలుగురి ఎదుట నోటితో ఒప్పుకున్నంత మాత్రాన కొత్త గడువు పుట్టదు. 2019 మే దాటాక రాసిన ఉత్తరమైతే ఆరిపోయిన హక్కును వెలిగించేది కాదు.

ఆ ఉత్తరం దొరకకపోయి ఉంటే పెద్దాయన పూర్తిగా ఓడిపోయినట్టేనా? అలాగని చెప్పలేం. తన హక్కును దస్తావేజుతో రుజువు చేసుకున్న యజమాని తన స్వాధీనం ఎప్పుడు పోయిందో తేదీలతో నిరూపించనక్కర్లేదు. ప్రతికూల స్వాధీనం అని చెప్పుకునేవాడే ఆ బరువు మోయాలి. ఏ తేదీన స్వాధీనంలోకి వచ్చాడు, ఏ హోదాలో వచ్చాడు, ఆ సంగతి యజమానికి తెలుసా, ఎంతకాలం సాగింది, బాహాటంగా, అంతరాయం లేకుండా సాగిందా అన్నవన్నీ అతనే చూపించాలని 2004లో కర్ణాటక వక్ఫ్ బోర్డు కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మొదట అనుమతితో వచ్చినవాడికి ఇది మరీ కష్టం. అనుమతి ఏ రోజు తెగి ఎదురుతిరుగుడు ఏ రోజు మొదలైందో చెప్పాలి. కానీ 2005 నాటి అనుమతి నోటిమాట. ఇచ్చినవారు వృద్ధులు, పుచ్చుకున్నతను లేడు. దాన్ని రుజువు చేసే సాక్షి ఎవరు? ఆలస్యం కేసును బలహీనపరిచేది ఇలాగే. గడువు ఇంకా మిగిలి ఉన్నా రుజువు ముందే కరిగిపోతుంది. పాక వేసినప్పుడు చూసిన పక్కింటాయన పోతాడు, పాత పన్ను రసీదులు చెదలు తింటాయి. అవతలివాడి దగ్గర మాత్రం ఏటేటా ఒక కొత్త రసీదు చేరుతుంది. పన్ను రసీదు హక్కుపత్రం కాదన్నది నిజమే. అయినా పన్నెండు రసీదులు వరసగా పెట్టినవాడికీ ఖాళీ చేతులతో నిలబడ్డవాడికీ కోర్టులో తేడా ఉంటుంది.

ఇప్పుడు నిజంగా జరిగిన మన తెలుగువాళ్ల కేసు ఒకటి. న్యాయవాదులు నేటికీ వల్లించే తీర్పు. పి. లక్ష్మీరెడ్డి, ఎల్. లక్ష్మీరెడ్డి కేసు అంటారు. వాదికీ ప్రతివాదికీ ఒకే పేరు. సుప్రీంకోర్టు 1956 డిసెంబర్‌లో తీర్పు చెప్పింది.

కథ 1927లో మొదలవుతుంది. ఆస్తి ఉన్న ఒక పసివాడు ఆ ఏడు ఆగస్టులో చనిపోయాడు. వారసులు జ్ఞాతులు, ఒకరికంటే ఎక్కువమంది. అందులో ఒకాయన కోర్టుకెక్కి, తనే వారసుణ్ణని దావా వేశాడు. దావా నడుస్తుండగా ఆస్తిని కోర్టువారి రిసీవరు చేతిలో పెట్టారు. 1929లో డిక్రీ వచ్చింది. 1930 జనవరిలో రిసీవరు దగ్గర నుంచి ఆయన స్వాధీనం పుచ్చుకుని, 1936లో పోయేదాకా అనుభవించాడు. తర్వాత అతని వైపువారు అనుభవించారు. 1941 అక్టోబర్‌లో మరో జ్ఞాతి, అందులో నా వాటా నాకు పంచండి అని దావా వేశాడు. అప్పటి చట్టం 1908 నాటిది. గడువు అప్పుడూ పన్నెండేళ్లే.

1930 జనవరి నుంచి 1941 అక్టోబర్ దాకా ఎంత? పదకొండేళ్ల తొమ్మిది నెలలు. ఇంకో మూడు నెలలు కలిస్తే వాటా పోయినట్టే. అందుకే ప్రతివాది పక్షం రిసీవరు చేతిలో ఉన్న కాలాన్ని కూడా తమ అనుభవంలో కలపమంది. సుప్రీంకోర్టు కలపలేదు. రిసీవరు కోర్టు మనిషి. చివరికి ఎవరికి హక్కని తేలుతుందో వారి తరఫున పట్టుకుని ఉంటాడు గాని ఒకరి తరఫున ఇంకొకరి మీద ఎదురుతిరగడు. ఇంకో మాట కూడా కోర్టు గట్టిగా చెప్పింది. ఉమ్మడి హక్కుదారుల్లో ఒకరు అనుభవిస్తుంటే అది అందరి తరఫున అనుభవించినట్టే లెక్క. పంట తనే తిన్నా, పన్ను తనే కట్టినా సరిపోదు. మిగతావారి హక్కును బాహాటంగా కాదని, అది వాళ్లకు తెలిసి, వాళ్లను బయటికి తోసేసినట్టు కనబడాలి. వాటా అడిగిన జ్ఞాతి గెలిచాడు.

ఈ తీర్పులో ఊరట ఉంది, భయమూ ఉంది. అన్నదమ్ముల ఉమ్మడి ఇంట్లో ఒకడే ఉంటున్నాడని రెండోవాడి వాటా ఊరికే పోదు. ఇది ఊరట. కానీ ఆ కేసులో ఇంకో మూడు నెలలు నిద్రపోయి ఉంటే, రిసీవరు లెక్క అతన్ని కాపాడేది కాదు. ఉమ్మడి ఆస్తి అన్న వాదన ఒక్కటే దిక్కయ్యేది.

దూరాన ఉన్నవాళ్ల కోసం రెండు మాటలు. గల్ఫ్‌లోనో ఫ్రాన్సులోనో ఉన్నాం కదా, ఆ ఏళ్లు లెక్కలోకి రావు కదా అని కొందరు అడుగుతారు. చట్టం సరిగ్గా తలకిందులుగా ఉంది. 15వ సెక్షన్ ప్రకారం ప్రతివాది దేశంలో లేని కాలాన్ని లెక్కలోంచి తీసేస్తారు. వాది, అంటే యజమాని, దేశంలో లేని కాలాన్ని తీసేయరు. మీరు దుబాయ్‌లో పనిచేసిన పదిహేనేళ్లూ సోలై నగర్‌లో కాలం నడుస్తూనే ఉంది.

రెండోది పసిపిల్లల సంగతి. కాలం మొదలయ్యే రోజుకు హక్కుదారు మైనరైతే చట్టం కొంత వెసులుబాటు ఇస్తుంది. మామూలు గడువు ఈలోపు అయిపోయినా, మేజరయ్యాక మూడేళ్లలోపు దావా వేసుకోవచ్చు. కానీ తండ్రి బతికుండగానే కాలం మొదలై, నాలుగేళ్లు నడిచాక తండ్రి పోయి, ఆరేళ్ల పిల్లవాడు వారసుడైతే? అప్పుడు ఆ వెసులుబాటు లేదు. ఒకసారి నడక మొదలైన కాలం తర్వాత వచ్చిన ఏ అశక్తత వల్లా ఆగదని 9వ సెక్షన్ చెబుతుంది. ఆ పిల్లవాడికి మిగిలింది ఎనిమిదేళ్లే. అవి తీరేనాటికి అతనికి పద్నాలుగేళ్లు. ఆ ఇంటి తల్లి గాని మేనమామ గాని పిల్లవాడి తరఫున దావా వేయాలి. పెద్దవాడయ్యాక వాడే చూసుకుంటాడులే అంటే చూసుకోవడానికి ఏమీ మిగలదు. నాకు అన్నిటికంటే బాధ కలిగించే నియమం ఇదే. అయినా చట్టం అదే.

కరోనా కాలం ఇంకో మినహాయింపు. 2020 మార్చి 15 నుంచి 2022 ఫిబ్రవరి 28 వరకు ఉన్న రోజుల్ని గడువు లెక్కల్లోంచి తీసేయమని సుప్రీంకోర్టు ఆదేశించింది. మీ గడువు ఆ రోజుల్ని తాకుతుంటే, అయిపోయిందని మీరే తేల్చుకోకండి. తేదీలతో సహా వకీలుకు చూపించండి.

దావా గడువులోనే వేసినా సరైన దావా వేయకపోవడం మరో ప్రమాదం. కోర్టు ఫీజు తక్కువని చాలామంది ఇంజంక్షన్ దావాతో సరిపెట్టుకుంటారు. అనాథుల సుధాకర్ కేసు వరంగల్‌లో 1978లో వేసిన ఇంజంక్షన్ దావా. 2008లో సుప్రీంకోర్టులో తేలింది. ముప్పై ఏళ్లు. హక్కు మీదే పేచీ ఉన్నప్పుడు ఉత్త ఇంజంక్షన్ అడిగితే చాలదు, హక్కు ప్రకటించమని అడగాలి. స్వాధీనం పోయి ఉంటే స్వాధీనం కూడా అడగాలి. ఆ కేసులో కోర్టు చెప్పిన సారం ఇది. స్వాధీనం అడగకుండా హక్కు ప్రకటన ఒక్కటే అడిగితే గడువు పన్నెండు కాదు, మూడేళ్లే. తప్పుడు దావా కోర్టులో ఉన్నంతకాలం కాలం ఆగిందని భ్రమపడకండి.

అలాగని మనుషుల్ని వెంటేసుకెళ్లి తాళం పగలగొట్టకండి. బలవంతంగా ఖాళీ చేయించబడ్డవాడు ఆరు నెలల్లో కోర్టుకు వెళితే, హక్కు ఎవరిదన్నది చూడకుండానే స్వాధీనం తిరిగి ఇప్పించే సెక్షన్ ఒకటి ఉంది. అది యజమాని మీద కూడా పనిచేస్తుంది. అదే సెక్షన్ మీకూ పనికొస్తుంది. మీ చేతిలో ఉన్న స్థలాన్ని నిన్నగాక మొన్న ఎవరైనా ఆక్రమిస్తే, ఆరు నెలల్లోపు వెళితే హక్కుపత్రాల చర్చ లేకుండా దగ్గరి దారిలో తీర్పు వస్తుంది, దానిమీద అప్పీలు కూడా ఉండదు. ఏడో నెల వస్తే ఆ దగ్గరి దారి మూసుకుంటుంది. మిగిలేది హక్కు రుజువు చేసుకునే పొడుగాటి దారి.

పుదుచ్చేరి పెద్దవాళ్లు కొందరు ముప్పై ఏళ్ల మాట చెబుతారు. ఊరికే పుట్టిన మాట కాదది. ఫ్రెంచివారి సివిల్ కోడ్‌లో పెద్ద గడువు ముప్పై ఏళ్లే. ఇక్కడి పాత కుటుంబాల దగ్గర నొటేర్ ముందు ఫ్రెంచిలో రాసుకున్న దస్తావేజులు ఇప్పటికీ ఉన్నాయి. వాటితో పాటే ఆ ముప్పై ఏళ్ల జ్ఞాపకమూ తరం నుంచి తరానికి వచ్చింది. కానీ 1994లో ఇక్కడి శాసనసభ చేసిన చట్టం గడువులకు సంబంధించిన ఆ స్థానిక నియమాలను రద్దు చేసింది. ఈరోజు సోలై నగర్‌లో స్థలం పోతే, మచిలీపట్నంలో పోయినా కరీంనగర్‌లో పోయినా లెక్క ఒకటే. ముప్పై అన్న అంకె ఇప్పుడు ముఖ్యంగా ప్రభుత్వ స్థలాల దగ్గర వినబడుతుంది. సర్కారు వేసే దావాకు ముప్పై ఏళ్ల గడువు ఉంది. సముద్రపు పోరంబోకులో గుడిసె వేసుకున్నవారు పన్నెండేళ్లయింది కదా అనుకుంటే పొరపాటే.

యజమాని నిద్రపోతే హక్కు పోవడం న్యాయమేనా అని మీరు అడగొచ్చు. సుప్రీంకోర్టు జడ్జీలే అడిగారు. 2008లో హేమాజీ కేసులో ఈ చట్టాన్ని మళ్లీ పరిశీలించమని ప్రభుత్వానికి సూచించారు. ఇంగ్లండులో మార్చేశారు కూడా. అక్కడ 2003 నుంచి, రిజిస్టరైన భూమిని పదేళ్లు అనుభవించినవాడు దరఖాస్తు పెట్టుకుంటే, రిజిస్టరులో ఉన్న యజమానికి ముందు నోటీసు వెళుతుంది. యజమాని అభ్యంతరం చెబితే మామూలుగా దరఖాస్తు నిలవదు. తర్వాత రెండేళ్లలో ఖాళీ చేయించుకోవచ్చు. మన దగ్గర లా కమిషన్ 2023లో తన 280వ నివేదికలో, పన్నెండు, ముప్పై ఏళ్ల గడువులు మార్చనక్కర్లేదంది. నా మటుకు నాకు ఇంగ్లండు పద్ధతే ధర్మంగా తోస్తుంది. ఒక్క నోటీసు, ఒక్క అవకాశం యజమానికి దక్కాలి. కానీ అది మన చట్టం కాదు. మన చట్టంలో ఎవరూ మీకు నోటీసు పంపరు.

అందుకని దూరాన స్థలం ఉన్న ప్రతి శ్రోతకూ నా విన్నపం. ఈసారి ఊరొచ్చినప్పుడు నాలుగో హద్దురాయి మీద ఇసుక తీసి చూసుకోండి. ఫోటో తీసి పెట్టుకోండి. ఎవరినైనా ఉండనిస్తే, తమ్ముడైనా సరే, "మీ అనుమతితో ఉంటున్నాను" అని ఒక్క వాక్యం రాయించి సంతకం, తేదీ వేయించండి. రెండు మూడేళ్లకోసారి మళ్లీ రాయించండి. ఎవరైనా గోడ కట్టి తాళం వేశారని తెలిస్తే, ఆ గోడ ఎప్పుడు లేచిందో వాకబు చేసి, అవతలివాడు చెప్పగలిగిన అన్నిటికంటే పాత తేదీని పట్టుకుని, దాని నుంచి పన్నెండేళ్లు లెక్కపెట్టండి. పెద్దమనుషుల్లో మాటలు ఎన్నాళ్లయినా సాగించుకోవచ్చు, దావా మాత్రం ఆ తేదీకి ముందే దాఖలు కావాలి. కోర్టు తలుపు ఆ రోజు సాయంత్రానికి మూసుకుంటుంది. మర్నాడు పొద్దున వెళితే స్థలం మీది కాదు.